కాదనలేదు, ఇవ్వనూ లేదు

డిసెంబరు రెండవ వారంలో మా చిన్నాయన తరఫున, బీమా కంపెనీల మీద పాలసీదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్‌కు నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. ఆ నాలుగు పేజీలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు కోపంతో రాశాను, ఆ తరువాత రెండు రోజులు రాసినదంతా కొట్టివేశాను, మిగిలిన ఆరు రోజులూ తేదీలు వెతకడంలో గడిచిపోయాయి. అటువంటి ఉత్తరంలో ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు అన్న విషయంలో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. మా ఇంట్లోనే దానితో ఏకీభవించని వారు ఉన్నారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

చిన్నాయనది వరంగల్ కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం. మగ్గాల వాళ్లకు నూలు ఇచ్చి నేయించుకోవడం, మరికొంత సరుకు బయట కొనడం, దుకాణం వెనుక గదిలో నిల్వ చేయడం, పెళ్లిళ్ల కాలానికి అమ్మడం ఆయన పని. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ వార్త పడిన పత్రిక కాగితాన్ని కత్తిరించి గల్లాపెట్టె మీద అతికించుకున్నారు. 2025 మార్చి 20 రాత్రి వెనుక గదిలో నిప్పు అంటుకుంది. అగ్నిమాపక వాహనం వచ్చేసరికి నాలుగు అరలలో మూడు కాలిపోయాయి. ముందు గదిలోని సరుకూ, నాలుగో అరలోనిదీ మాత్రం మిగిలాయి. మరునాడు ఉదయమే బీమా కంపెనీకి ఫోనులోనూ, ఈమెయిల్‌లోనూ తెలియజేశాము. మూడు రోజులకు నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చారు. ఆ తరువాత ఏడున్నర నెలలు గడిచినా కంపెనీ క్లెయిమును కాదనలేదు, ఇవ్వనూ లేదు.

కాదన్ననాడు అడుగుదాం

వేసవిలోనే ఒకసారి అంబుడ్స్‌మన్ మాట ఎత్తాను. చిన్నాయన ఒప్పుకోలేదు. "వాళ్లు కాదనలే గద బిడ్డా. కాదన్ననాడు అడుగుదాం తియ్. ఇప్పుడే కొట్లాటకు పోతె ఇచ్చేది గూడ ఆపుతరు" అన్నారు. ఆ మాటలో భయమూ ఉంది, వ్యాపారి మర్యాదా ఉంది. కానీ ఆ మాట వల్లనే మేము నాలుగు నెలలు పోగొట్టుకున్నామని నా నమ్మకం.

తిరస్కరణ ఉత్తరం వచ్చిన మనిషికి చేతిలో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తప్పని వాదించవచ్చు. పెండింగులో ఉన్న మనిషికి వాదించడానికి ఏమీ ఉండదు. కాదనని కంపెనీ మీద ఫిర్యాదు చేయడం తొందరపాటు అనిపిస్తుంది. అందుకే చాలామంది నిర్ణయం వచ్చేదాకా ఆగాలని అనుకుంటారు. నిజానికి 2017 నాటి బీమా అంబుడ్స్‌మన్ నియమాలలో ఫిర్యాదుకు ఇచ్చిన కారణాల జాబితాలో మొట్టమొదటిదే క్లెయిము పరిష్కారంలో జాప్యం. తిరస్కరణ దాని తరువాత వస్తుంది. ఎంత ఆలస్యమైతే జాప్యమో కూడా మన ఇష్టానికి వదిలిపెట్టలేదు. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సమాచారం అందిన 24 గంటలలో సర్వేయర్‌ను నియమించాలి, ఆయన నివేదిక 15 రోజులలో కంపెనీకి చేరాలి, అది అందిన 7 రోజులలో కంపెనీ నిర్ణయం చెప్పాలి.

అయితే అంబుడ్స్‌మన్ దగ్గరకు నేరుగా వెళ్లడానికి వీలులేదు. ముందుగా కంపెనీకే రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. ఆ విన్నపాన్ని కంపెనీ తిరస్కరించినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, నెల రోజుల దాకా అసలు జవాబే ఇవ్వకపోయినా అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పటి నుంచి ఏడాది లోపల వెళ్లాలి. మేము పొరపాటు చేసింది ఇక్కడే. చిన్నాయన హనుమకొండలోని శాఖా కార్యాలయానికి పదిహేను సార్లకు తక్కువ కాకుండా వెళ్లారు. సర్వేయర్‌కు లెక్కలేనన్ని ఫోన్లు చేశారు, వాట్సాప్‌లో సందేశాలు పెట్టారు. అవన్నీ విన్నపాలే అని ఆయన అనుకున్నారు. వాటిలో ఒక్కటీ కంపెనీలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసిన ఉత్తరం కాదు కనుక, ఆ నెల రోజుల గడువు మొదలే కాలేదు. నవంబరు 3న ఆ అధికారి పేరిట ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపి, అదే ప్రతిని ఈమెయిల్ చేసిన నాడు గాని మా గడియారం కదలలేదు. డిసెంబరు 3 దాటింది, జవాబు రాలేదు. మార్చి నుంచి ఎదురు చూసిన మాకు ఆ ఒక్క నెల మౌనమే పనికివచ్చింది.

ఇంకొక సందేహం కూడా ఉండేది. పాలసీ దుకాణం పేరు మీద ఉంది, అంబుడ్స్‌మన్ వ్యక్తుల ఫిర్యాదులే తీసుకుంటారేమో అని. ఏకవ్యక్తి యాజమాన్యంలోని వ్యాపారాలకూ, సూక్ష్మ పరిశ్రమలకూ ఇచ్చిన పాలసీలు కూడా ఈ నియమాల కిందికి వస్తాయి. అందుకని జీఎస్టీ నమోదు పత్రాన్నీ, సూక్ష్మ పరిశ్రమగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ పత్రాన్నీ జతచేశాము. ఫిర్యాదు మాత్రం చిన్నాయనే సంతకం చేయాలి. ఆయన తరఫున నేను రాయవచ్చు గాని నా పేరుతో పంపడానికి లేదు.

ముప్పై రోజులు, నూట తొంభై ఏడు రోజులు

మొదటి చిత్తుప్రతిలో నేను నిప్పు గురించి రెండు పేజీలు రాశాను. పొగ వాసన, చిన్నమ్మ ఏడుపు, మగ్గాల వాళ్లకు కూలి ఇవ్వలేకపోయిన వారం, అన్నీ అందులో ఉన్నాయి. అవి అబద్ధాలు కావు. కానీ చదివే అధికారి ముందు ఉన్న ప్రశ్న నిప్పు ఎంత భయంకరమైనది అన్నది కాదు. ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంది అన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబు మా దగ్గర ఉన్న కాగితాలలోనే ఉంది, మేము ఎన్నడూ లెక్కపెట్టలేదు అంతే.

కూర్చుని లెక్కపెట్టాను. కంపెనీ వైపు నుంచి నాలుగు సార్లు కాగితాలు అడిగారు. ఏప్రిల్ 2న క్లెయిము ఫారం, అగ్నిమాపక శాఖ నివేదిక, పోలీసు పంచనామా, పుస్తకాలు, బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు అడిగారు, 11న ఇచ్చాము. మే 9న మూడేళ్ల కొనుగోలు బిల్లులు అడిగారు, 20న ఇచ్చాము. జూన్ 18న అగ్నిమాపక శాఖ నివేదికను మళ్లీ అడిగారు, ఏప్రిల్‌లోనే ఇచ్చిన రసీదును చూపిస్తూ 20న మరొక ప్రతి ఇచ్చాము. ఆగస్టు 4న స్టాక్ స్టేట్‌మెంటుకూ పుస్తకాలకూ తేడా ఎందుకు వచ్చిందని అడిగారు, 12న జవాబు ఇచ్చాము. అంటే మా చేతిలో ఫైలు ఉన్నది వరుసగా 9, 11, 2, 8 రోజులు, మొత్తం 30. మార్చి 21 నుంచి నవంబరు 3 దాకా 227 రోజులు గడిచాయి. మిగిలిన 197 రోజులు మేము ఇవ్వవలసిన కాగితం ఒక్కటి కూడా బాకీ లేదు.

ఈ లెక్క వేసేదాకా నాకు కూడా తప్పు మాదేనేమో అన్న అనుమానం ఉండేది. ఎందుకంటే ప్రతిసారీ "మీ దగ్గర నుంచి ఇంకొక కాగితం రావాలి" అన్న మాటే వినేవాళ్లం. ఒకేసారి పది కాగితాలు అడిగితే పది రోజులలో ఇచ్చేస్తాము. ఒక్కొక్కటిగా నలభై రోజులకు ఒకసారి అడిగితే, చూసేవారికి ఆలస్యం పాలసీదారు వైపు నుంచే జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఫైలు తెరిచిన అధికారికి చివరి ఉత్తరం మాత్రమే కనిపిస్తుంది, అందులో మమ్మల్ని ఏదో అడిగి ఉంటారు. అందుకే ఫిర్యాదులో మొదటి పేజీలోనే తేదీల పట్టిక పెట్టాను. ఏ తేదీన ఎవరు ఏమి అడిగారు, ఎప్పుడు ఇచ్చాము, దానికి రుజువు ఎన్నవ జతలో ఉంది, నడుమ ఎన్ని రోజులు ఎవరి దగ్గర గడిచాయి అన్నవి తప్ప ఆ పట్టికలో ఒక్క విశేషణం కూడా లేదు.

మా తమ్ముడికి ఇది నచ్చలేదు. "మనుషులు చదివే కాగితం గదా, మన బాధ తెలువద్దా?" అన్నాడు. అతని మాటను తేలికగా తీసేయలేను. చిన్నాయన పడిన కష్టం ఆ పట్టికలో ఎక్కడా లేదు. కానీ అంబుడ్స్‌మన్ ఇప్పించగలిగిన పరిహారానికి హద్దు ఉంది. ఆ జాప్యం వల్లనో తిరస్కరణ వల్లనో నేరుగా కలిగిన నష్టాన్ని మించి ఇవ్వడానికి వీలులేదు, మొత్తం 50 లక్షలు దాటకూడదు. మానసిక వేదనకు ఐదు లక్షలు ఇప్పించమని చిన్నాయన రాయించిన వాక్యాన్ని అందుకే తీసేశాను. ఆ వాక్యం ఉంటే అసలు అడిగే మొత్తం మీద కూడా నమ్మకం సన్నగిల్లుతుందని నా భయం.

పంతొమ్మిది లక్షల కాగితం

ఇప్పుడు మా వైపు ఉన్న లోపం గురించి చెప్పాలి. దానిని దాచి రాసి ఉంటే ఈ వ్యాసానికి గాని, ఆ ఫిర్యాదుకు గాని విలువ ఉండేది కాదు.

చిన్నాయనకు బ్యాంకులో 14 లక్షల క్యాష్ క్రెడిట్, అంటే సరుకు హామీ మీద ఎప్పటికప్పుడు వాడుకునే అప్పు, ఉంది. ప్రతి నెలా చివర సరుకు విలువ ఎంతో బ్యాంకుకు రాసి ఇవ్వాలి. అందులో నాలుగో వంతు మార్జిన్‌గా తీసివేసి, మిగిలిన దాని మేరకే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది. 14 లక్షలు పూర్తిగా వాడుకోవాలంటే కాగితం మీద సుమారు 18 లక్షల 67 వేల సరుకు కనిపించాలి. అందువల్ల దుకాణంలో లెక్కలు రాసే అతను ఏడాదిగా ప్రతి నెలా 19 లక్షలు అని రాసి పంపుతున్నాడు. సరుకు ఉన్నా లేకపోయినా అంకె మారలేదు. ఫిబ్రవరి చివరి స్టేట్‌మెంటులోనూ అదే అంకె. క్లెయిము ఫారం నింపేటప్పుడు ఏజెంటు ఆ కాగితమే చూసి, మిగిలిన సరుకు 4 లక్షల 50 వేలు తీసేసి, నష్టం 14 లక్షల 50 వేలు అని వేశారు. చిన్నాయన చదవకుండానే సంతకం చేశారు.

పుస్తకాలు వేరే మాట చెబుతున్నాయి. ఏడాది మొదట్లో నిల్వ 13 లక్షల 50 వేలు. నిప్పు అంటుకున్న రోజు దాకా కొనుగోళ్లు, నేత కూలి కలిపి 38 లక్షల 20 వేలు. అమ్మకాలు 42 లక్షలు. చిన్నాయన వ్యాపారంలో స్థూల లాభం అమ్మకాలలో వందకు 15 కనుక, అమ్మిన సరుకు ఖరీదు 35 లక్షల 70 వేలు అవుతుంది. ముందున్న దానికి కొన్నది కలిపి, అమ్మినదాని ఖరీదు తీసేస్తే నిల్వ ఉండవలసింది 16 లక్షలు. మిగిలిన సరుకు 4 లక్షల 50 వేలు పోగా కాలినది 11 లక్షల 50 వేలు. సగం కాలిన బట్టను పీలికల వ్యాపారి 60 వేలకు తీసుకున్నాడు. నికరంగా మాకు కలిగిన నష్టం 10 లక్షల 90 వేలు. సరుకుకు బీమా 20 లక్షలకు ఉంది, విలువ 16 లక్షలే కనుక తక్కువకు బీమా చేశారన్న కోత రాదు. మేము అడగగలిగినది ఇంతే, అందులోనూ పాలసీదారే భరించాలని పాలసీలో రాసిన మినహాయింపు పోతుంది.

సర్వేయర్ ఈ తేడాను పట్టుకోవడం అన్యాయమని నేను అనను. ఆయన పని అదే. మొదటి రోజు ఆయన టేపుతో వెనుక గది కొలిచి, కాలకుండా మిగిలిన ఒక్క అరలో ఎన్ని జంపఖానాలు పట్టాయో లెక్కపెట్టి, దానిని బట్టి మిగిలిన మూడు అరలలో ఎంత సరుకు పట్టి ఉంటుందో రాసుకున్నారు. బూడిద ఎంత మందాన పేరుకుందో కూడా ఫోటోలు తీసుకున్నారు. ఖాళీ అరలకు నిప్పు పెట్టి నిండుగా ఉన్నాయని చెప్పేవాళ్లు లోకంలో ఉన్నారు. అటువంటి వారిని పట్టుకోలేని కంపెనీ మిగిలిన పాలసీదారుల ప్రీమియాన్ని పెంచుతుంది. అలా ఓపికగా కొలిచిన మనిషి మీద నాకు గౌరవమే కలిగింది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. 19 లక్షల కాగితమూ, 16 లక్షల పుస్తకాలూ రెండూ ఏప్రిల్ 11న ఒకే కవరులో ఆయన చేతికి వెళ్లాయి. తేడా చూడడానికి అవి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ఆ ప్రశ్న ఆగస్టు 4న వచ్చింది, అంటే 115 రోజుల తరువాత. అనుమానం ఉన్నందుకు ఆలస్యమైందని కంపెనీ విచారణలో చెప్పవచ్చు. అనుమానం ఉన్నవారు నాలుగు నెలలు అడగకుండా ఎందుకు ఉన్నారన్నదే మా ప్రశ్న. ఫిర్యాదులో ఈ ఒక్క వాక్యాన్ని నేను ఏడుసార్లు తిరగరాశాను.

అసలు కష్టమైనది ఈ లోపాన్ని మనమే ముందుగా ఒప్పుకోవాలని చిన్నాయనను ఒప్పించడం. "బ్యాంకోళ్లకు తెలిస్తె లిమిట్ తీసేస్తరు బిడ్డా" అని ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ భయం నిజమైనదే, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ ఎక్కువ వేసిన క్లెయిము ఫారాన్ని అలాగే వదిలేస్తే, మోసపూరితమైన క్లెయిము అని మొత్తం తిరస్కరించడానికి పాలసీ షరతులు కంపెనీకి అధికారం ఇస్తాయి. ఆగస్టు 12 నాటి జవాబులోనే అంకెను 11 లక్షల 50 వేలకు తగ్గించి, 19 లక్షలు ఎందుకు రాశామో ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆడిటర్ సంతకంతో లెక్క జతచేశాము. ఫిర్యాదులోనూ అదే అంకె నుంచి పీలికల వ్యాపారి ఇచ్చిన 60 వేలు తీసేసి రాశాము. రెండు కాగితాలలో పొంతన లేని రెండు మొత్తాలు కనిపిస్తే ఏ అధికారి అయినా చిన్నదాన్ని నమ్మి ఊరుకోడు, రెండింటినీ నమ్మడు.

ఏమి అడగాలి

"నా క్లెయిము త్వరగా పరిష్కరించేలా ఆదేశించండి" అని రాయడం సులువు. అటువంటి కోరికకు "పరిశీలనలో ఉంది" అని కంపెనీ జవాబు ఇస్తే సరిపోతుంది. మేము మూడు కోరాము. మినహాయింపు పోగా 10 లక్షల 90 వేలు చెల్లించాలని ఒకటి. ఆలస్యమైన కాలానికి నిబంధనల ప్రకారం, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటు కన్నా 2 శాతం ఎక్కువ వడ్డీ ఇవ్వాలని రెండవది. సర్వే నివేదిక ప్రతి మాకు ఇవ్వాలని మూడవది. పాలసీదారు కోరితే ఇవ్వవలసిన ఆ నివేదికను మేము రెండుసార్లు ఈమెయిల్‌లో అడిగినా ఇవ్వలేదు. అందులో ఎంత లెక్కగట్టారో తెలియకుండా దేనితో విభేదించాలో కూడా మాకు తెలియదు.

వడ్డీ అడగడం అత్యాశ అని శాఖా కార్యాలయంలో ఒకరు చిన్నాయనతో అన్నారట. పాలసీలో బ్యాంకు షరతు ఉంది కనుక వచ్చే డబ్బు ముందు క్యాష్ క్రెడిట్ ఖాతాకే వెళుతుంది. ఆ ఖాతా మీద చిన్నాయన ఏడాదికి 11 శాతం వడ్డీ కడుతున్నారు. 10 లక్షల 90 వేల మీద అది నెలకు సుమారు పది వేలు. కంపెనీ దగ్గర ఆగిన డబ్బుకు చిన్నాయన ప్రతి నెలా బ్యాంకుకు వడ్డీ కడుతున్నారు. నిబంధన ఇప్పించే వడ్డీ దానికన్నా తక్కువే.

వినియోగదారుల కమిషన్‌కు ఎందుకు వెళ్లలేదని అడిగినవారు ఉన్నారు. అక్కడ వేదనకూ ఖర్చులకూ పరిహారం అడగవచ్చు, అది నిజంగానే మేలు. అయితే ఒకే విషయం కమిషన్‌లో నడుస్తుండగా అంబుడ్స్‌మన్ వినరు కనుక ఏదో ఒకటి ముందు ఎంచుకోవాలి. ఇక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు, కావలసిన పత్రాలన్నీ అందిన మూడు నెలలలో తీర్పు ఇవ్వాలి, ఆ తీర్పును కంపెనీ 30 రోజులలో అమలు చేయాలి. తీర్పు కంపెనీని కట్టివేస్తుంది, మమ్మల్ని కాదు. తృప్తి లేకపోతే అప్పుడు కమిషన్‌కు వెళ్లే దారి మిగిలే ఉంటుంది. ఈ వరుసను తిరగవేస్తే ఆ వెసులుబాటు ఉండదు.

డిసెంబరు 8న హైదరాబాదు కార్యాలయానికి ఫిర్యాదు పంపాము. ప్రతి ఒకటి కంపెనీకి కూడా వెళ్లింది. నాలుగో రోజు ఉదయం శాఖా కార్యాలయం నుంచి చిన్నాయనకు ఫోను వచ్చింది. సర్వే నివేదిక సెప్టెంబరు 29ననే తమకు అందిందనీ, పై కార్యాలయం అనుమతి కోసం ఆగామనీ, ఫిర్యాదు వెనక్కు తీసుకుంటే రెండు వారాలలో తేల్చేస్తామనీ అవతలి మనిషి చెప్పారు. అక్టోబరులో చిన్నాయన స్వయంగా వెళ్లి అడిగినప్పుడు నివేదిక ఇంకా రాలేదని చెప్పిన కార్యాలయం అదే. చిన్నాయన కోప్పడలేదు. "మంచిది సారూ. సెప్టెంబరు 29న వచ్చిందన్న ముచ్చట, రెండు వారాలల్ల ఇస్తమన్న ముచ్చట రెండూ కాగితం మీద రాసి మెయిల్ పెట్టుండ్రి, సూశినంక చెప్త" అని ఫోను పెట్టేసి, నా కోసం గోడ మీద ఉన్న క్యాలెండరులో ఆ రోజు తేదీ చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టారు.